ఇన్‌సైడర్ ట్రేడింగ్, షేర్ల ధరలతో ఆటలు: సెబీ ఎలా కూపీ లాగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఫార్మా, సాఫ్ట్‌వేర్, నిర్మాణ రంగాలకు చెందిన లిస్టెడ్ కంపెనీలు చాలా ఉన్నాయి. వాటిలో పనిచేసేవారు, ఆడిట్ చేసేవారు, వారితో ఒకే ఇంట్లో ఉండేవారు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. పెద్ద కుంభకోణాల కన్నా, ఇంటి గుమ్మం దాటని ఒక మాట ఎలా కేసుగా మారుతుందన్న విషయానికే ఎక్కువ చోటు ఇచ్చాం. సామాన్య ఉద్యోగులు చిక్కుకునేది ఎక్కువగా అక్కడే.

ఇన్‌సైడర్ ట్రేడింగ్ అంటే ఏమిటి?

ఒక లిస్టెడ్ కంపెనీకి సంబంధించి ఇంకా బయటపెట్టని, బయటపడితే షేరు ధరను గణనీయంగా కదిలించగల సమాచారం చేతిలో ఉండగా ఆ కంపెనీ షేర్లు కొనడం లేదా అమ్మడం ఇన్‌సైడర్ ట్రేడింగ్. అలాంటి సమాచారాన్ని ఉద్యోగ అవసరం లేకుండా మరొకరికి ఉప్పందించడం కూడా అంతే నేరం. చెప్పినవారికి ఒక్క రూపాయి ముట్టకపోయినా నియమం వర్తిస్తుంది. ప్రస్తుతం అమల్లో ఉన్నవి సెబీ 2015లో తెచ్చిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిషేధ నిబంధనలు. వాటిని ఆ తర్వాత పలుమార్లు సవరించారు.

ఏ సమాచారం ఈ కోవలోకి వస్తుంది?

త్రైమాసిక ఫలితాలు, డివిడెండ్, విలీనం, ఒక విభాగం అమ్మకం, మూలధన నిర్మాణంలో మార్పు, కీలక అధికారుల రాజీనామా వంటివి నిబంధనల్లోనే ఉన్నాయి. ఆ జాబితాలో లేకపోయినా ధరను కదిలించేది ఏదైనా ఈ కోవలోకే వస్తుంది. కంపెనీ ఆఫీసుల్లో దీన్ని యూపీఎస్‌ఐ అని పిలుస్తారు.

సొంత పరిశీలనతో తెలుసుకున్నది మాత్రం ఇందులోకి రాదు. ఒక మందు అమ్మకాలు పెరుగుతున్నాయని పది మెడికల్ షాపులు తిరిగి తెలుసుకున్న వ్యక్తి ఆ కంపెనీ షేర్లు కొనుక్కోవచ్చు. ఆ శ్రమ ఎవరైనా చేయగలిగిందే. అదే మందుకు అమెరికా అనుమతి వచ్చినట్లు కంపెనీ రెగ్యులేటరీ విభాగంలో పనిచేసే మిత్రుడు ఎక్స్ఛేంజ్‌కు ప్రకటన వెళ్లకముందే చెబితే, అది వేరే సంగతి.

నేను డైరెక్టర్‌ను కాదు, ఆ కంపెనీ ఉద్యోగిని కూడా కాదు. నాకేం సంబంధం?

ఎక్కువమంది పొరబడేది ఈ ప్రశ్న దగ్గరే. ఇన్‌సైడర్ అంటే కంపెనీ లోపలి మనిషే కానక్కరలేదు. కంపెనీతో సంబంధమున్న వ్యక్తి ఇన్‌సైడర్. ఆ సమాచారం చేతిలో ఉన్న మరే వ్యక్తి అయినా ఇన్‌సైడరే. ఆడిటర్, న్యాయవాది, బ్యాంకు అధికారి, కంపెనీ ఫలితాల పత్రాలు తయారుచేసే సంస్థ ఉద్యోగి, వీరంతా ఈ పరిధిలోకి వస్తారు. ఉద్యోగం మానేసినా ఆరు నెలల పాటు ఆ సంబంధం కొనసాగినట్లే లెక్క.

2024 డిసెంబరు సవరణ తర్వాత బంధువుల పరిధి బాగా విస్తరించింది. జీవిత భాగస్వామి, తల్లిదండ్రులు, అత్తమామలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య లేదా భర్త తోబుట్టువులు, పిల్లలు, ఆ తోబుట్టువుల, పిల్లల జీవిత భాగస్వాములు సంబంధమున్న వ్యక్తి కిందికే వస్తారు. ఆర్థికంగా మీ మీద ఆధారపడి ఉన్నారా లేదా అన్న ప్రశ్న ఇక్కడ రాదు. ఒకే ఇంట్లో కలిసి ఉండేవారిని కూడా ఈ సవరణ చేర్చింది. కొండాపూర్‌లోనో మియాపూర్‌లోనో నలుగురు కలిసి ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకుని ఉంటున్నప్పుడు, అందులో ఒకరు లిస్టెడ్ కంపెనీ ఫైనాన్స్ విభాగంలో పనిచేస్తే, మిగతా ముగ్గురూ ఆ కంపెనీకి సంబంధించినంత వరకు ఈ నియమం కింద ఉన్నట్లే. ఇది చాలామంది రూమ్మేట్లకు ఇంకా తెలియదు.

ఈ హోదా వల్ల మారేది రుజువు భారం. సంబంధమున్న వ్యక్తి ట్రేడ్ చేసినప్పుడు, ఆ సమయంలో తన దగ్గర ఆ సమాచారం లేదని నిరూపించుకోవలసింది అతనే. మిగతావారి విషయంలో సమాచారం వారికి చేరిందని చూపవలసింది సెబీ.

ఒక కేసు మొదటి నుంచి చివరిదాకా ఎలా నడుస్తుందో ఉదాహరణతో చెప్పగలరా?

ఇది కల్పిత ఉదాహరణ, కానీ ఇందులోని ప్రతి మెట్టూ అసలు కేసుల్లో కనిపించేదే. గచ్చిబౌలిలో ఆఫీసు ఉన్న ఒక ఫార్మా కంపెనీ, తన విభాగాల్లో ఒకదాన్ని విదేశీ సంస్థకు అమ్మే ప్రయత్నంలో ఉందనుకుందాం. జూన్ మొదటి వారంలో చర్చలు ఒక కొలిక్కి వచ్చాయి. ఫైనాన్స్ విభాగంలోని ఒక ఉద్యోగి ఆ విభాగం లెక్కలు సిద్ధం చేస్తున్నాడు. జూలై 18న, మార్కెట్ ముగిశాక, కంపెనీ ఈ అమ్మకాన్ని ప్రకటించింది.

ఆ ఉద్యోగికి సొంతంగా ట్రేడ్ చేసే దారి లేదు. జూన్ 30తో త్రైమాసికం ముగియగానే అతనికి ట్రేడింగ్ విండో మూతపడింది. ఫలితాలు వెలువడిన 48 గంటల దాకా అది తెరుచుకోదు. ఈలోగా అతని పాన్ మీద ఆ ఒక్క షేరులో లావాదేవీలు స్తంభించి ఉంటాయి. అందువల్ల ఒక ఆదివారం భోజనాల దగ్గర నిజాంపేటలో ఉండే బావమరిది చెవిన ఆ మాట వేశాడు.

బావమరిదికి నాలుగేళ్ల నాటి డీమ్యాట్ ఖాతా ఉంది. ఎప్పుడైనా ముప్పై, నలభై వేల రూపాయల విలువైన షేర్లు కొని అమ్మడం తప్ప పెద్దగా ట్రేడింగ్ లేదు. ఆ కంపెనీ షేరును ఎన్నడూ ముట్టుకోలేదు. అలాంటివాడు జూలై 11 నుంచి 17 మధ్య, సగటున 500 రూపాయల ధరకు 6,000 షేర్లు కొన్నాడు. మొత్తం 30 లక్షలు. అందులో 12 లక్షలు తన ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసి తెచ్చినవి. మిగతా 18 లక్షలు అక్క ఖాతా నుంచి, అంటే ఆ ఉద్యోగి భార్య ఖాతా నుంచి వచ్చాయి. ప్రకటన తర్వాతి ట్రేడింగ్ రోజున షేరు 590 దగ్గర మొదలైంది. అతను అన్నిటినీ సగటున 585కు అమ్మేశాడు. లాభం 5 లక్షల 10 వేలు. అక్క డబ్బు మూడు రోజుల్లో అక్కకు తిరిగి వెళ్లింది.

అంత చిన్న మొత్తం మీద అనుమానం ఎలా వస్తుంది?

మొత్తాన్ని బట్టి అనుమానం పుట్టదు, తీరును బట్టి పుడుతుంది. ఒక ప్రకటన తర్వాత షేరు ధర గట్టిగా కదిలితే, ఎక్స్ఛేంజ్ నిఘా విభాగం ఆ ప్రకటనకు ముందు రోజుల ట్రేడ్లను వెనక్కి తిరిగి చూస్తుంది. ఈ పనికి ఎవరూ ఫిర్యాదు చేయనక్కరలేదు. ప్రతి ఆర్డరూ ఒక పాన్‌కు ముడిపడి ఉంటుంది కాబట్టి, ప్రకటనకు ముందు ఎవరు కొన్నారు, వెంటనే ఎవరు అమ్మారు, ఎవరికి ఎంత లాభం వచ్చిందన్న పట్టిక కంప్యూటర్ నుంచే వస్తుంది.

ఆ పట్టికలో వందలమంది ఉండవచ్చు. మ్యూచువల్ ఫండ్లు, రోజూ ట్రేడ్ చేసేవారు, ఆ షేరును ఏళ్లుగా పట్టుకుని ఉన్నవారు సహజంగానే పక్కకు పోతారు. మిగిలేవారిని కొన్ని ప్రశ్నలతో వడపోస్తారు. ఈ షేరును మొదటిసారి కొన్నారా? ఈ ఒక్క కొనుగోలు వారి పాత ట్రేడ్లతో పోలిస్తే ఎన్ని రెట్లు? కేవైసీలో చూపిన ఆదాయానికి ఇది పొంతన కుదురుతుందా? ఆ రోజుల్లో ఇంకే షేరూ కొనకుండా ఉన్నదంతా దీనిలోనే పెట్టారా? వార్త రాగానే పూర్తిగా బయటపడ్డారా? మన ఉదాహరణలోని బావమరిదికి ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఒకే వైపు మొగ్గుతుంది. అతను కొన్న 30 లక్షలు ఆ షేరులో ఆ వారం జరిగిన వ్యాపారంలో చాలా చిన్న భాగమే కావచ్చు, కానీ అతని ఖాతా చరిత్రలో అంతకు ముందు అలాంటిది లేదు.

ఆ వ్యక్తికీ కంపెనీకీ ఉన్న సంబంధం ఎలా తెలుస్తుంది?

దర్యాప్తులో ఓపికగా చేయవలసిన పని ఇదే. మొదట కంపెనీ నుంచి రెండు వస్తువులు అడుగుతారు. ఒకటి, ఒప్పందం ఎప్పుడు మొదలై ఏ రోజు ఎక్కడిదాకా వచ్చిందో తేదీలవారీగా చెప్పే కాలక్రమం. రెండోది, ఆ సమాచారం ఏ తేదీన ఎవరెవరికి చేరిందో నమోదు చేసే డిజిటల్ రిజిస్టర్. ప్రతి లిస్టెడ్ కంపెనీ ఈ రిజిస్టర్‌ను తన దగ్గరే, పేరు, పాన్ నంబర్లతో సహా, నమోదైన సమయం తర్వాత మార్చడానికి వీల్లేని రీతిలో నిర్వహించాలి. కనీసం ఎనిమిదేళ్లు భద్రపరచాలి. మన ఉద్యోగి పేరు అందులో జూన్ నెలలోనే ఎక్కి ఉంటుంది.

ఇంకోవైపు, వడపోతలో మిగిలిన కొనుగోలుదారుల పేర్లను కంపెనీకి పంపి, వీరిలో మీ వారికి తెలిసినవారు ఎవరైనా ఉన్నారా అని అడుగుతారు. లేరని జవాబు వచ్చినంత మాత్రాన ఆగిపోరు. డీమ్యాట్, బ్యాంకు ఖాతాలు తెరిచినప్పుడు ఇచ్చిన కాగితాలను తెప్పించి, చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్, నామినీ పేరు, ఖాతా పరిచయం చేసిన వ్యక్తి పేరు సరిపోల్చి చూస్తారు. బావమరిది ఖాతాలో నామినీ అక్క అయితే చాలు, రెండు పట్టికల మధ్య దారం దొరికినట్లే. ఆపైన బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 18 లక్షలు వచ్చిన తేదీ, తిరిగి వెళ్లిన తేదీ కనిపిస్తాయి. ఫోన్ కాల్ రికార్డులు తెప్పిస్తే, జూలై 10 రాత్రి బావ నుంచి వచ్చిన కాల్, 11 ఉదయం మార్కెట్ తెరవగానే పడిన మొదటి ఆర్డరు పక్కపక్కనే నిలుస్తాయి. ఆర్డరు ఏ ఐపీ అడ్రస్ నుంచి పడిందో బ్రోకర్ దగ్గర నమోదై ఉంటుంది. అది ఆ ఉద్యోగి ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్ అయితే, ఆర్డరు పెట్టింది అసలు ఎవరన్న ప్రశ్న కూడా లేస్తుంది.

సోషల్ మీడియాను కూడా వదలరు. హైదరాబాద్‌కు చెందిన పాల్‌రెడ్ టెక్నాలజీస్ షేర్ల వ్యవహారంలో 2016లో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో, వ్యక్తుల మధ్య సంబంధాన్ని చూపడానికి సెబీ ఫేస్‌బుక్ స్నేహాలను కూడా ప్రస్తావించింది. ఒక్క ఫేస్‌బుక్ స్నేహంతో కేసు నిలబడదన్నది మా అభిప్రాయం. ఎవరి మీద చూపు నిలపాలో చెప్పడానికి మాత్రం అది సరిపోతుంది.

సెబీ మన ఫోన్లు వింటుందా?

వినదు. ఫోన్ సంభాషణలను మధ్యలో వినే అధికారం సెబీకి లేదు. టెలికాం సంస్థల నుంచి వచ్చే కాల్ రికార్డుల్లో ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు ఫోన్ చేశారన్నది మాత్రమే ఉంటుంది. ఏం మాట్లాడుకున్నారన్నది ఉండదు. వాట్సాప్ కాల్ అయితే ఆ జాబితాలోనే కనిపించదు. కోర్టు అనుమతితో సోదా చేసి ఫోన్, ల్యాప్‌టాప్ స్వాధీనం చేసుకుంటే అందులోని సందేశాలను చదవవచ్చు గానీ, ప్రతి కేసులోనూ అంతదూరం వెళ్లరు.

భోజనాల దగ్గర ముఖాముఖి చెప్పిన మాటకు ఏ రికార్డూ ఉండదు. మరి కేసు ఎలా నిలుస్తుందన్నది సహజమైన సందేహం.

నేరుగా సాక్ష్యం లేకుండా పరిస్థితులను బట్టి తప్పు తేల్చవచ్చా?

తేల్చవచ్చు, కానీ దానికి హద్దు ఉంది. సెబీ విధించే జరిమానాలు క్రిమినల్ శిక్షలు కావు కాబట్టి, సందేహానికి తావులేని రుజువు అక్కరలేదు. జరిగి ఉండే అవకాశం జరగని అవకాశం కన్నా ఎక్కువని తేలితే సరిపోతుంది. ట్రేడ్లలో కుమ్మక్కుకు సంబంధించిన కిశోర్ అజ్మేరా కేసులో 2016లో సుప్రీంకోర్టు, చుట్టూ ఉన్న పరిస్థితుల నుంచి సహేతుకంగా నిర్ధారణకు రావచ్చని స్పష్టం చేసింది.

అయితే 2022లో వచ్చిన రెండు తీర్పులు సెబీకి ఎదురుదెబ్బగా నిలిచాయి. పీసీ జ్యువెలర్ షేర్లకు సంబంధించిన బలరామ్ గర్గ్ కేసులో, బంధుత్వం, ట్రేడింగ్ తీరు ఉన్నంత మాత్రాన సమాచారం చేరిందని ఊహించరాదని, చేరినట్లు చూపే ఆధారం కావాలని కోర్టు చెప్పింది. ఆ కుటుంబంలో అప్పటికే మనస్పర్థలు, వేరు కాపురాలు ఉన్న సంగతిని కూడా పరిగణనలోకి తీసుకుంది. అభిజిత్ రాజన్ కేసులో, వెల్లడైతే ధర పెరిగే అవకాశమున్న సమాచారం చేతిలో ఉన్నా, మాతృ కంపెనీ అప్పుల పునర్‌వ్యవస్థీకరణ కోసం డబ్బు అవసరమై షేర్లు అమ్మిన వ్యక్తికి అనుచిత లాభం పొందే ఉద్దేశం లేదని తేల్చింది.

ఈ తీర్పుల వెలుగులో మన ఉదాహరణను చూస్తే, బంధుత్వం ఒక్కటే ఉండి ఉంటే కేసు బలహీనమే. అక్క ఖాతా నుంచి వచ్చి తిరిగి వెళ్లిన 18 లక్షలు, కాల్ వచ్చిన మరునాడే పడిన ఆర్డరు, ఎన్నడూ లేనంత పెద్ద కొనుగోలు, వార్త రాగానే పూర్తి అమ్మకం, ఇవన్నీ కలిసి దాన్ని నిలబెడతాయి. పైగా 2024 సవరణ తర్వాత బావమరిది సంబంధమున్న వ్యక్తి కిందికి వస్తాడు కాబట్టి, ఆ షేరునే ఆ వారమే ఎందుకు కొన్నాడో సమంజసమైన కారణం చూపవలసిన బాధ్యత అతని మీదే పడుతుంది.

వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఫలితాల అంకెలను నేను ఫార్వర్డ్ చేస్తే?

ఈ ప్రశ్న మీద నిజంగానే కేసు నడిచింది. కొన్ని పెద్ద కంపెనీల ఫలితాల అంకెలు ప్రకటనకు ముందే వాట్సాప్‌లో తిరిగాయని 2017లో వార్తలు రావడంతో సెబీ దర్యాప్తు చేసి, సందేశాలను ఫార్వర్డ్ చేసిన కొందరికి జరిమానా వేసింది. 2021లో సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రైబ్యునల్ ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. ఆ సందేశం ఎక్కడ పుట్టిందో సెబీ చూపలేకపోయింది. అలాంటి అంచనాలు మార్కెట్లో రోజూ తిరుగుతూనే ఉంటాయని, అది యూపీఎస్‌ఐ అని తెలిసే పంపారనడానికి ఆధారం లేదని ట్రైబ్యునల్ అభిప్రాయపడింది.

దీన్ని చూసి ఫార్వర్డ్ చేయడం సురక్షితమని అనుకోరాదు. అంకెలు కంపెనీ లోపలినుంచి వచ్చాయని తెలిసి పంపినవారికి ఈ తీర్పు రక్షణ ఇవ్వదు.

దొరికితే ఎంత కట్టాలి?

సెబీ చట్టంలోని 15జి సెక్షన్ ప్రకారం కనీస జరిమానా 10 లక్షలు. గరిష్ఠంగా 25 కోట్లు, లేదా పొందిన లాభానికి మూడు రెట్లు, వీటిలో ఏది ఎక్కువైతే అంతదాకా వేయవచ్చు. సమాచారం ఇచ్చినవారికీ, ట్రేడ్ చేసినవారికీ ఇది విడివిడిగా వర్తిస్తుంది. అక్రమ లాభాన్ని వడ్డీతో సహా వెనక్కి కట్టడం దీనికి అదనం. వడ్డీ సాధారణంగా ఏడాదికి 12 శాతం.

ఉదాహరణ లెక్క చూద్దాం. లాభం 5,10,000. ఉత్తర్వు రావడానికి మూడేళ్లు పట్టిందనుకుంటే వడ్డీ 1,83,600. బావకు, బావమరిదికి కనీస జరిమానాలే వేసినా 20,00,000. మొత్తం 26,93,600 రూపాయలు. దీనికి తోడు కొన్నేళ్లపాటు మార్కెట్లో అడుగుపెట్టకుండా నిషేధం ఉండవచ్చు. కంపెనీ ప్రవర్తనా నియమావళి ప్రకారం ఉద్యోగం పోవచ్చు. తీవ్రమైన కేసుల్లో క్రిమినల్ ప్రాసిక్యూషన్ జరిగితే పదేళ్లదాకా జైలు శిక్షకు చట్టంలో వీలుంది.

ఉత్తర్వుకు ముందు షోకాజ్ నోటీసు, రాతపూర్వక జవాబు, స్వయంగా వాదన వినిపించే అవకాశం ఉంటాయి. ఉత్తర్వు మీద 45 రోజుల్లో ట్రైబ్యునల్‌కు, అక్కడినుంచి చట్టపరమైన అంశాల మీద సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు.

సత్యం కేసు కూడా ఇన్‌సైడర్ ట్రేడింగేనా?

అది ప్రధానంగా లెక్కల మోసం, అందులో ఇన్‌సైడర్ ట్రేడింగ్ కూడా ఉంది. 2009 జనవరి 7న రామలింగరాజు తన లేఖలో, కంపెనీ పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నారు. ముందురోజు 179 రూపాయల దగ్గర ఉన్న షేరు ఆ రోజు 40 దగ్గర ముగిసింది. లెక్కలు తప్పుడువన్న సంగతి తమకు మాత్రమే తెలిసి ఉండగా షేర్లు అమ్ముకోవడం, తాకట్టు పెట్టడం ఇన్‌సైడర్ ట్రేడింగేనని సెబీ నిర్ణయించింది. 2014 జూలైలో ఐదుగురిని 14 ఏళ్లు మార్కెట్ నుంచి నిషేధించి, 1,849 కోట్లు వడ్డీతో కట్టమంది. ఆ మొత్తం తర్వాత అప్పీళ్లలో మారింది. ఈ నగరంలో పదవీ విరమణ డబ్బుతో ఆ షేరు కొన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారు నమ్మిన బ్యాలెన్స్ షీటే అబద్ధమని చెప్పగలిగినవారు చెప్పకుండా షేర్లు అమ్ముకున్నారన్నది ఈ కేసులో అన్నిటికన్నా బాధాకరమైన విషయం.

మార్కెట్ మానిప్యులేషన్ దీనికి ఎలా భిన్నం?

ఇన్‌సైడర్ ట్రేడింగ్‌లో సమాచారం నిజం, అది కొందరికే ముందుగా అందడం తప్పు. మానిప్యులేషన్‌లో ధరే అబద్ధం. దీన్ని 2003 నాటి మోసపూరిత, అనుచిత వ్యాపార పద్ధతుల నిషేధ నిబంధనలు నియంత్రిస్తాయి.

పెద్దగా వ్యాపారం జరగని ఒక షేరు 24 రూపాయల దగ్గర ఉందనుకుందాం. దాని రోజువారీ పరిమితి 5 శాతం. ఒక వ్యక్తి ఉదయాన్నే 25 రూపాయల 20 పైసలకు ఒకే ఒక్క షేరు కొంటాడు. అతనికి అయిన ఖర్చు ఆ 25.20 మాత్రమే. కానీ ఇప్పుడు తెరమీద చివరి ట్రేడ్ ధర 25.20. కంపెనీకి రెండు కోట్ల షేర్లుంటే, దాని విలువ కాగితం మీద 2 కోట్ల 40 లక్షలు పెరిగింది. రోజూ ఇలాగే అప్పర్ సర్క్యూట్ తాకిస్తూ పోతే 15 ట్రేడింగ్ రోజుల్లో ధర రెట్టింపు దాటుతుంది. మధ్యలో ఒకే బృందంలోని ఖాతాలు పరస్పరం కొని అమ్ముకుంటూ వ్యాపార పరిమాణాన్ని కూడా పెంచి చూపుతాయి.

దీన్ని పట్టుకోవడం ఒక విధంగా సులువు. ప్రతి ట్రేడ్ ధరకూ దాని ముందు ట్రేడ్ ధరకూ మధ్య తేడాను తీసుకుని, ఎవరి కొనుగోళ్ల వల్ల ధర మొత్తం ఎన్ని రూపాయలు పైకి కదిలిందో ఖాతాలవారీగా కూడతారు. సెబీ ఉత్తర్వుల్లో కనిపించే ఎల్‌టీపీ విశ్లేషణ ఇదే. మార్కెట్లో అమ్మకం ఆర్డర్లు దండిగా ఉన్నా ఒకటి రెండు షేర్లే కొంటూ, పెరుగుదలలో సగం తానొక్కడే తెచ్చిన ఖాతా ఆ లెక్కలో ఒంటరిగా కనబడుతుంది. కొనుగోలు, అమ్మకం ఆర్డర్లు ఒకే ధరకు, ఒకే సంఖ్యలో, కొన్ని సెకన్ల తేడాతో పదేపదే పడితే, అది కుమ్మక్కని చెప్పడానికి ఎక్స్ఛేంజ్ దగ్గరున్న సమయ ముద్రలే చాలు. కష్టమల్లా ఆ ఖాతాల వెనక ఉన్న అసలు మనిషిని పట్టుకోవడంలో ఉంది. కమీషన్ ఆశ చూపి డ్రైవర్ల పేరిట, పనివారి పేరిట తెరిపించిన ఖాతాల్లో డబ్బు ఎవరిదో బ్యాంకుల వెంట తవ్వుకుంటూ పోవాలి.

టెలిగ్రామ్‌లో, యూట్యూబ్‌లో సలహా ఇస్తున్న షేరు ఇలాంటిదేనని ఎలా గుర్తించాలి?

ఒక్క విషయం చూడండి: మీరు కొంటున్నప్పుడు అమ్ముతున్నది ఎవరు? ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్లో ప్రతి త్రైమాసికానికీ వాటాదారుల వివరాలు ఉంటాయి. ప్రమోటర్లు, పెద్ద వాటాదారుల శాతం తగ్గుతూ, చిన్న వాటాదారుల సంఖ్య ఒక్కసారిగా ఉబ్బితే, షేర్లు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారుతున్నాయో అర్థమవుతుంది. సాధనా బ్రాడ్‌కాస్ట్ వ్యవహారంలో జరిగింది అదే. పెద్ద సంస్థ ఈ కంపెనీని కొనబోతోందంటూ యూట్యూబ్‌లో అబద్ధపు వీడియోలు వచ్చాయి. చిన్న వాటాదారుల సంఖ్య రెండు వేల చిల్లర నుంచి 55 వేలు దాటింది. అదే సమయంలో ముందునుంచీ షేర్లున్నవారు అమ్ముకుని బయటపడ్డారని సెబీ 2023 మార్చి మధ్యంతర ఉత్తర్వులో పేర్కొంది.

వీడియోలో చెప్పిన ఒప్పందం ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చిన ప్రకటనల్లో ఉందో లేదో చూడడానికి రెండు నిమిషాలు చాలు. లేకపోతే ఆ షేరు జోలికి పోవద్దు. అదనపు నిఘా జాబితాలైన ఏఎస్‌ఎం, జీఎస్‌ఎంలలో ఆ షేరు ఉందేమో కూడా చూడాలి. ఆ జాబితాలో ఉండడం నేరానికి రుజువు కాదు గానీ, ధర కదలిక ఎక్స్ఛేంజ్ దృష్టిలో పడిందని దాని అర్థం.

ఎవరో అనుకోకుండా నాకు లోపలి మాట చెప్పేశారు. ఇప్పుడేం చేయాలి?

ఆ సమాచారం ఎక్స్ఛేంజ్‌లో వెలువడేదాకా ఆ షేరును కొనకండి, అమ్మకండి, ఎవరికీ చెప్పకండి. మీ దగ్గర అప్పటికే ఆ షేర్లుంటే అలాగే ఉంచండి. మీరు ఆ కంపెనీ ఉద్యోగి అయి, ఈ మాట మీకు పని అవసరం లేకుండా చేరి ఉంటే, కంప్లయన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా తెలియజేయడం మేలు. మీడియాలో పుకారు వచ్చినంత మాత్రాన సమాచారం బహిరంగమైనట్లు కాదు. ధ్రువపడని వార్తను బహిరంగ సమాచారంగా లెక్కించరని నిబంధనల్లో ఇప్పుడు స్పష్టంగానే ఉంది.

అమెరికాలో లిస్టయిన కంపెనీలకు మాదాపూర్ నుంచి పనిచేసేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆ కంపెనీ షేర్ల విషయంలో వర్తించేది అమెరికా చట్టం. అక్కడి నియంత్రణ సంస్థ దర్యాప్తు సరిహద్దు దగ్గర ఆగదు.

ఇలాంటిది నా కంట పడితే ఎవరికి చెప్పాలి?

1943లో మొదలైన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 2007లో గుర్తింపు కోల్పోయింది. ఇప్పుడు ఇక్కడి ట్రేడ్లన్నీ ముంబయిలోని ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈల మీదుగానే నడుస్తాయి, నిఘా కూడా అక్కడే. బ్రోకర్ మీద, కంపెనీ మీద సాధారణ ఫిర్యాదులకు సెబీ స్కోర్స్ పోర్టల్ ఉంది. ఇన్‌సైడర్ ట్రేడింగ్ గురించి మీకు సొంతంగా తెలిసిన సమాచారం ఉంటే, 2019 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న ఇన్‌ఫార్మెంట్ విధానం కింద ప్రత్యేక ఫారంలో సెబీకి పంపవచ్చు. పేరు గోప్యంగా ఉంచుతారు. ఆ కారణంగా ఉద్యోగిని యాజమాన్యం వేధించకుండా నిబంధనలు రక్షణ ఇస్తాయి. మీ సమాచారం ఫలించి డబ్బు వసూలైతే, అందులో 10 శాతం వరకు, 10 కోట్లకు మించకుండా, బహుమతిగా ఇవ్వవచ్చు. ఫారంలో అనుమానం మాత్రమే రాస్తే ప్రయోజనం ఉండదు. ఏ తేదీన, ఎవరు, ఏ ఖాతా ద్వారా, ఆ సంగతి మీకు ఎలా తెలిసిందన్నది రాయాలి.